పాత నామినీ పెట్టిన సాక్షి సంతకం

లారీల యార్డులో అందరూ ఆమెను కాటా అక్క అనేవారు. గేటు పక్కన అద్దాల గదిలో కూర్చుని, లారీ వేబ్రిడ్జి మీదికి ఎక్కగానే బరువు చూసి చీటీ కొట్టి ఇవ్వడం ఆమె పని. ఖాళీ బండి ఒకసారి, సరుకుతో ఇంకోసారి. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. డ్రైవర్లు ఎంత బతిమాలినా కిలో అటూ ఇటూ చేయదని పేరు. "అక్క సొంత తమ్ముడైనా సరే, చక్రాలన్నీ కాటా మీద పెట్టాల్సిందే" అని వాళ్లు నవ్వుకునేవారు. ఆమెకు తమ్ముడు లేడు, అన్న ఉన్నాడు. ఆ అన్న అదే యార్డులో లారీ బుకింగ్ ఆఫీసు మేనేజరు. ఏ ఇద్దరి మధ్య తగువొచ్చినా అందరూ ఆయన దగ్గరికే వెళ్లేవారు.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పాలసీ సర్వీసు కౌంటరు గుమాస్తాను. ఆమె మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకు నలభై మూడేళ్లు, పెళ్లయి ఇరవై రోజులు. పక్కన కొత్త పెళ్లికొడుకు, అంటే యాభైకి దగ్గర పడిన ఒక పెద్దమనిషి. యార్డు ఎదురుగా అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసి రీట్రెడింగ్ చేసే షాపు ఆయనది. గోళ్ల సందుల్లో నలుపు ఎంత రుద్దినా పోని చేతులు.

"నామినీని మార్చాలండీ. మా అన్నయ్య పేరుంది. ఇప్పుడు పెళ్లయింది కదా, ఈయన పేరు పెట్టించుకోవాలి" అన్నదామె.

నేను రోజూ చెప్పే మాటలే చెప్పాను. నామినేషన్ మార్పు ఫారం నింపాలి. ఒరిజినల్ పాలసీ బాండు తేవాలి, కొత్త పేరు దాని మీదే ఎక్కిస్తాం. ఇద్దరి గుర్తింపు కార్డులు, పెళ్లి సర్టిఫికెట్, కాపీలతో పాటు సరిచూసుకోవడానికి ఒరిజినల్స్ కూడా. కింద ఒక సాక్షి సంతకం. కొత్త నామినీ మాత్రం సాక్షి కాకూడదు.

"అన్నయ్య ఒప్పుకుంటూ సంతకం పెట్టాలా?"

"అక్కర్లేదమ్మా. పాలసీ మీది. గడువు తీరేలోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరగా మా రిజిస్టరులో ఎక్కిన పేరే చెల్లుతుంది."

అప్పుడు ఆ టైర్ల ఆయన కౌంటరు మీదికి వంగి, ఇంకెవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు: "ఈ ఫారంలో ఆవిడ జబ్బు సంగతి కూడా రాయాలాండీ?"

"ఎవరి జబ్బు?" అన్నది ఆమె.

ఆయన ముఖం పాలిపోయింది. నామినీ మార్పుకు ఆరోగ్యం సంగతులేవీ అడగమని నేను చెప్పాను గానీ, ఆ మాట వాళ్లిద్దరిలో ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆమె ఫారం తీసుకుని లేచింది. ఆ తరవాత జరిగిందంతా ఆమే నాకు చెప్పింది, రెండు మూడు విడతల్లో.

ఆఫీసు మెట్ల మీద ఆయన నసుగుతూ బయటపెట్టాడు. ఆమెకు మూర్ఛలొస్తాయని యార్డులో పద్నాలుగేళ్లుగా అనుకుంటున్నారట. అందుకే పెళ్లి కాలేదనీ, ఆమె ముందు ఆ మాట ఎత్తితే ఎక్కడ పడిపోతుందోనని ఎవరూ ఎత్తరనీ.

"నీకెవరు చెప్పారు?"

"మీ అన్నయ్యే. పెళ్లి మాట ఎత్తినప్పుడు నన్ను పక్కకి పిలిచి, 'బాగా ఆలోచించుకో, తరవాత నన్ననొద్దు' అన్నాడు."

"అన్నీ తెలిసే చేసుకున్నావా?"

"డాక్టరు దగ్గరికెళ్లి అడిగొచ్చాను. పడిపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు అన్నాడు. అదేమంత పెద్ద పనా అనుకున్నాను."

ఆమె మెట్టు మీద కూలబడింది. జీవితంలో ఒక్కసారి కూడా ఆమె స్పృహ తప్పి ఎరగదు. ఇరవై తొమ్మిదో ఏట ఒక సంబంధం వచ్చి, చూసుకుని, నవ్వుతూ వెళ్లి మళ్లీ కబురు పెట్టలేదు. తరవాత ఇంకోటి, ఆ పైన మరోటి. ప్రతిసారీ అన్నయ్య ఇంటికొచ్చి నిట్టూర్చేవాడు. "మనకి రాసిపెట్టి లేదమ్మా" అనేవాడు. ఆ నిట్టూర్పు చూసి, పాపం తనవల్ల అన్నయ్యకు ఎంత తలవంపులో అని ఆమె ఏడ్చేది. లేని జబ్బు చూసి జాలిపడి తనను చేసుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, పద్నాలుగేళ్ల కన్నీళ్లు ఒక్కసారిగా మండిపోయాయి.

బాండు అన్నయ్య బీరువాలో ఉంది. ఏమీ ఎరగనట్టు వెళ్లి అడిగింది.

"ఏమిటంత తొందర? పెళ్లయి నెల కాలేదు" అన్నాడు అన్నయ్య పేపరు మీంచి తల ఎత్తకుండా. "ఎక్కడో ఉంటుంది. వెతికిస్తాలే."

వారం తరవాత అడిగితే తాళంచెవి కనపడలేదన్నాడు. ఆ పై వారం, "అయినవాళ్ల పేరు తీసి నిన్న వచ్చినవాడి పేరు పెడతావా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

ఆమె మళ్లీ నా దగ్గరికి వచ్చింది. బాండు పోయిందని రాసిస్తే డూప్లికేటు ఇస్తారట కదా అని అడిగింది. "పోతే ఇస్తాం. అందుకు హామీ పత్రం రాసివ్వాలి. కానీ అది ఎక్కడుందో మీకు తెలుసు కదా. తెలిసి పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది" అన్నాను.

"అబద్ధాలు చెప్పేవాళ్లు మా ఇంట్లో ఒకరు చాలు" అని లేచింది. నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ మర్నాడు అన్నయ్య ఇంట్లో లేని సమయంలో వదిన ఫోన్ చేసింది. ఆమె వెళ్లేసరికి వదిన గుమ్మంలోనే ఒక ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టింది.

"తాళంచెవి ఎప్పుడూ పోలేదు. నా కొంగుకే ఉంది" అన్నది వదిన.

"నీకు తెలుసా వదినా, ఆయన నా గురించి చెప్పింది?"

వదిన గోడ వైపు చూసింది. "నువ్వు వెళ్లిపోతే, నీ జీతం లేక ఇల్లు నడవదన్నారు. నేనూ నోరు మూసుకున్నాను. నన్ను తిట్టాలనుంటే తిట్టు."

ఆమె తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. కవరు తీసుకుని కాటా గదికి వచ్చి, రెండు లారీల మధ్య ఖాళీలో బాండు తెరిచింది. ఎన్నడూ చదివిన పాపాన పోలేదు. అప్పట్లో అన్నయ్య వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టింది, అంతే. వెనక, పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారం నకలు కుట్టి ఉంది. అందులో ఆరోగ్యం ప్రశ్నల వరస. మూర్ఛలు, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా? లేదు. నరాల జబ్బు ఏదైనా? లేదు. చివర్న, ఫారం నింపినవారు: అన్నయ్య పేరు, అన్నయ్య సంతకం. తేదీ చూసింది. మొదటి సంబంధం వాళ్లు వచ్చి వెళ్లిన వారమే.

పెళ్లివాళ్లకు మూర్ఛలున్నాయని చెప్పిన నోటితోనే, ఇన్సూరెన్సు వాళ్లకు నిక్షేపంగా ఉందని రాశాడు. కింద నామినీ గడిలో తన పేరు రాసుకున్నాడు.

బయట లారీ హారన్ కొట్టింది. ఆమె బరువు చూసి చీటీ కొట్టి ఇచ్చింది.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "పాత నామినీ సాక్షి సంతకం పెట్టొచ్చా?"

ఇన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ అలా అడగలేదు. "పెట్టొచ్చమ్మా. కొత్త నామినీ మాత్రమే పెట్టకూడదు" అన్నాను.

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు, డ్రైవర్లు, లోడింగ్ మేస్త్రీలు, ఏజెంట్లు అంతా బుకింగ్ ఆఫీసులో గుమిగూడే సమయానికి, ఆమె నింపిన ఫారంతో అక్కడికి వెళ్లింది. భర్త గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అన్నయ్యా, ఇక్కడ సాక్షి సంతకం కావాలి."

నలుగురి ముందు చెల్లెలు సాయం అడిగితే ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఇంత చిన్నదానికి నువ్వు రావాలా, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి" అంటూ, ఫారంలో ఏముందో చూడకుండా పేరు రాసి, చిరునామా రాసి, సంతకం చేశాడు.

ఆమె కాగితం వెనక్కి తీసుకుంది. "ఏం కాగితమో చదవవా?"

"నువ్వు తెస్తే చదివేదేముంది?"

"నేనూ అలాగే అనుకునేదాన్ని" అని ఫారం ఎత్తి పట్టుకుని పైకి చదివింది. పాత నామినీ పేరు, బంధుత్వం అన్న. రద్దు. కొత్త నామినీ పేరు, బంధుత్వం భర్త. సాక్షి, అన్నయ్య. ఎవరో కిసుక్కున నవ్వారు.

"సరే, నీ ఇష్టం. నాకేం పోయింది?" అన్నాడాయన నవ్వు తెచ్చుకుంటూ.

"ఇంకొకటుంది" అని ఆమె ప్రపోజల్ నకలు తీసింది. "మూర్ఛలు ఎప్పుడైనా వచ్చాయా? లేదు. ఈ చేతిరాత ఎవరిది అన్నయ్యా?"

ఆయన చేయి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"వీళ్లందరికీ నువ్వు చెప్పింది నిజమైతే ఇది దొంగ రాత. ఇది నిజమైతే వీళ్లకి చెప్పింది అబద్ధం. రెండింటిలో ఏదో నువ్వే చెప్పు. అందరం ఇక్కడే ఉన్నాం."

"నీ మంచికే..." అని ఆగిపోయాడు. మూలనున్న ముసలి డ్రైవరొకడు లేచాడు. "మా మరదలి కొడుక్కే కదయ్యా అప్పుడు సంబంధం చూశాం. నువ్వు చెప్పావనే వద్దనుకున్నాం" అన్నాడు. అని టీ గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్లూ కదిలారు. లోడింగ్ మేస్త్రీ ఒక్కడే తన చీటీ కోసం నిలబడి, ఎటు చూడాలో తెలియక కాలెండరు చూస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె కాగితాలన్నీ నా కౌంటరు మీద పెట్టింది. కార్డులు, పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్స్‌తో సరిచూశాను. ఆమె సంతకాన్ని మా రికార్డులోని పాత సంతకంతో పోల్చాను. పద్నాలుగేళ్లకు కొంచెం లావెక్కింది గానీ అదే సంతకం. బాండు తీసుకుని, ముద్ర కొట్టిన రసీదు ఇచ్చాను. కొత్త నామినీ పేరు ఎక్కిన బాండు పది రోజులకు ఇంటికి చేరింది.

"పాత నామినీకి మీరు ఉత్తరం రాస్తారా?" అని అడిగింది వెళ్లబోతూ.

"రాయం. పాలసీదారుకే తెలియజేస్తాం."

"రాయక్కర్లేదులెండి. ఆయనకి అందింది" అన్నది.

ఆ తరవాత యార్డులో తగువులు తీర్చమని ఆయన దగ్గరికి ఎవరూ పోలేదు. ఏదైనా మాట చెప్పబోతే, "రాసిస్తావా?" అనేవారట. నాలుగు నెలలు భరించి, కంపెనీని అడిగి ఊరవతల గోడౌనుకు బదిలీ చేయించుకున్నాడు. వెళ్లే ముందు కాటా గది దగ్గరికొచ్చాడు.

"నలుగురిలో నా పరువు తీశావు. ఇంట్లో అడిగుంటే సరిపోయేది కదే" అన్నాడు.

"నువ్వు ఇంట్లో చెప్పావా అన్నయ్యా? నలుగురిలోనే కదా చెప్పావు" అన్నది. అంతే. ఆయన వెళ్లిపోయాడు.

చివరిసారి ఇద్దరూ ప్రీమియం కట్టడానికి వచ్చినరోజు నేనూ ఒక మాట అడిగాను, అన్నయ్యను అలా చేసినందుకు ఎప్పుడైనా బాధనిపించిందా అని. ఆమె ఆలోచించి చెప్పింది.

"ఆయనకి బాధనిపిస్తుంది" అని భర్త వైపు చూపించింది. "పాపం, మీ అన్నయ్య పెద్దవాడు, అంతమందిలో అలా చేయాల్సింది కాదేమో అంటాడు. మంచివాడు కదా, అలాగే అంటాడు. నాకైతే లేదండీ. ఒకటే కొరత. ఆ రోజు గదిలో ముప్ఫైమందే ఉన్నారు."

ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఆమె ప్రీమియం రసీదు మడిచి సంచిలో పెట్టుకుని, కాటా తెరిచే వేళయిందంటూ లేచింది.