గ్రంథం గారి ఒక్క కాగితం

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ గ్రంథం గారనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. మేడ మీద మూలగదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు తప్ప మరేదీ కనపడని కుర్చీ ఆయన రాజ్యం. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే సగం జవాబు చొక్కా గుండీలకు చెప్పేవాడు. కలం పడితే మాత్రం ఆనకట్ట తెగినట్టే.

ఆయన రాసిన గ్రంథం ఒక ఎస్‌ఓపీ, అంటే పని ఏ పద్ధతిలో చేయాలో చెప్పే పత్రం. ఒకే లైను మీద పొద్దున వేరుశనగ బిస్కెట్లు, తర్వాత మామూలు బిస్కెట్లు తయారవుతాయి. వేరుశనగ పడనివాళ్ళకు దాని పొడి రవ్వంత తగిలినా ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మధ్యలో లైనంతా శుభ్రం చేయాలి. అది ఎలా చేయాలో రాయమంటే ఆయన యంత్రం వెంట వచ్చిన పుస్తకాలు ముందు పెట్టుకుని, మేడ దిగకుండానే, లావుపాటి ఫైలు నింపేశాడు. అందులో ఉద్దేశ్యం ఉంది, పరిధి ఉంది, నిర్వచనాలున్నాయి, "చీపురు" అనగానేమో కూడా ఉంది. లైను దగ్గర దాన్ని ఒక చెక్కపెట్టె మీద ఉంచారు. శుభ్రం చేసే ముఠాకు పెద్ద అయిన ఆయన సొంత వదిన, ఆవిడ చేతి కింద ఆడవాళ్ళు, భోజనం వేళ దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవారు. చదివినవాళ్ళు లేరు. పని మాత్రం అలవాటు కొద్దీ జరిగిపోయేది.

ఒకరోజు మేనేజరు మేడెక్కి వచ్చాడు. పెద్ద కొనుగోలు కంపెనీ తరఫున ఒక ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందనీ, ఒక రకం బిస్కెట్ల నుంచి ఇంకో రకానికి లైను మార్పిడి కళ్ళారా చూస్తుందనీ, ఈ ఫైలు ఆవిడ చేతిలో పెడితే సాయంత్రం దాకా చదివి రాత్రికి తలనొప్పితో వెళ్ళిపోతుందనీ చెప్పాడు. "ఒక్క కాగితం కావాలండీ. ఏ మెట్టు తర్వాత ఏది, ఎవరు చేస్తారు, ఎవరు చూస్తారు, ఎక్కడ ఆగి సరిచూసుకోవాలి. అంతే. మీ వల్ల కాదంటే చెప్పండి, బయటి మనిషిని పిలుస్తాను. మీరు సరుకు పంపే కౌంటర్లో కూర్చుందురు గాని."

సరుకు పంపే కౌంటరంటే పొద్దున్నుంచీ లారీ డ్రైవర్లతో అరుచుకునే చోటు. అక్కడ ఆయన గొంతు ఈగ రెక్క చప్పుడంత కూడా వినబడదు. గ్రంథం గారికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మొదటి ప్రయత్నం ఆయన బల్ల దగ్గరే జరిగింది. ఫైల్లో ఉన్న ప్రతి వాక్యం ముందూ ఒక చిన్న గడి గీశాడు. గడులు పెట్టాక కాగితాలు తగ్గకపోగా పెరిగాయి. అయినా లైనుకు పంపించాడు. గంట తిరక్కుండా అన్ని గడుల్లోనూ టిక్కులు పడి తిరిగొచ్చాయి. అప్పటికి లైను మీద వేరుశనగ బిస్కెట్లు ఇంకా తయారవుతూనే ఉన్నాయి.

ఆయన మేడ దిగి వదిన దగ్గరికెళ్ళి, ఇంకా మొదలే పెట్టని పనికి టిక్కులేమిటని గొణిగాడు. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టలేదు.

"తుడిచాక చేతులు తడిగా ఉంటాయి కదా మరిదీ. కాగితం పాడైపోతుందని ముందే పెట్టేశాం. నీ కాగితమంటే మాకంత గౌరవం."

ముఠా అంతా చీరకొంగులు అడ్డం పెట్టుకుని నవ్వింది. గ్రంథం గారు గుండీలవైపు చూసుకున్నాడు. కానీ మేడెక్కాక ఒక సంగతి తోచింది. ఒట్టి టిక్కుకు ఖర్చేమీ లేదు, అందుకే అది ముందే పడిపోతుంది. కొన్నిచోట్ల టిక్కు కాక, పని అయితేగాని తెలియనిదేదో రాయించాలి. ఒకరు చేస్తే ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడనిదే తర్వాతి మెట్టు ఎక్కకూడదు.

"చేసేవారు", "చూసేవారు" అని రెండు వరసలు గీసి, ఎవరు ఏ వరసలో ఉంటారో అడగడానికి మళ్ళీ కిందికి దిగాడు. అడిగిన ప్రతివాళ్ళూ "చూసేవారు"లో తమని వేయమన్నారు. యంత్రం మూతలు తను విప్పననీ, విప్పారో లేదో చూస్తాననీ అన్నాడు మెకానిక్. ముఠాలో అందరికన్నా చిన్నది కూడా తనకు చూపు బాగుంటుందని సిఫారసు చేసుకుంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరని వదిన అందరినీ తిట్టి, చివర్లో తన పేరు మాత్రం చూసేవారిలో రాయమంది. మేనేజరు సంగతి వేరు. ఆయనకు కాగితం మీద తన హోదా ఎక్కడో ఒకచోట కనబడితే చాలు. వెతగ్గా వెతగ్గా గ్రంథం గారికి ఎవరూ కోరుకోని గడి ఒకటి దొరికింది: "ల్యాబు పరీక్ష తప్పితే లైను ఆపించడం - మేనేజరు." పరీక్ష తప్పదులే అన్న నమ్మకంతో మేనేజరు సంతోషంగా తలూపాడు.

తగువులు తెగాక ఆయన కాగితాన్ని ముచ్చటగా సర్దాడు. శుభ్రం చేసేవాళ్ళ పనులన్నీ ఒకచోట, మెకానిక్ పనులన్నీ ఒకచోట, ల్యాబు అమ్మాయి పనులన్నీ ఒకచోట. ఎవరి ముక్క వాళ్ళు చదువుకోవచ్చు. చూడ్డానికి పెళ్ళిపత్రికలా ఉంది. అదే కొంప ముంచింది.

ఇన్‌స్పెక్టరమ్మ రావడానికి ముందు మేనేజరు దగ్గరుండి ఒకసారి చేయించి చూశాడు. ముఠా తన ముక్క ప్రకారం బెల్టును పొడి బ్రష్షులతో ఊడ్చి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, ఆరబెట్టింది. బెల్టు అద్దంలా మెరిసింది. మేనేజరు వంగి అందులో మీసం చూసుకున్నాడు. అప్పుడు మెకానిక్ తన ముక్క చదువుకుని, కరెంటు ఆపి, ఎవరూ మళ్ళీ వేయకుండా స్విచ్చుకు తాళం వేసి, పైనున్న రేకు మూతలు విప్పాడు. మూతల లోపల పేరుకున్న వేరుశనగ పొడీ నలుసులూ జలజలమంటూ మెరిసే బెల్టు మీదా, వంగి ఉన్న మేనేజరు తల మీదా రాలాయి. వాటి వెనకే ఒక మాడిన బిస్కెట్టు నిదానంగా వచ్చి ఆయన భుజం మీద ఆగింది.

మెకానిక్ నిచ్చెన మీదనుంచి కాగితం చూపించాడు. "ఇందులో ఉన్నట్టే చేశాను సార్."

గ్రంథం గారికి భూమి చీలిపోతే బాగుండునన్నట్టయింది. మనుషులవారీగా విడదీసే తొందరలో ఏది ముందో ఏది వెనకో పోగొట్టుకున్నాడు. పైగా కరెంటు ఆపి తాళం వేయడం మొదటి మెట్టు కావాల్సింది పోయి, ముఠా బెల్టు మీద చేతులు పెట్టాక జరిగింది. యంత్రం కదిలి ఉంటే పొడితో పోయేది కాదు.

మేనేజరు తల దులుపుకుంటూ ఇంకొక్క అవకాశం మాత్రమే ఉందన్నాడు. ఆ తర్వాత కౌంటరే.

ఈసారి గ్రంథం గారు మేడెక్కలేదు. చెక్కపెట్టె మీదనుంచి తన గ్రంథాన్ని దించి, తనే ఆ పెట్టె మీద కూర్చుని, మార్పిడి మొదటినుంచి చివరిదాకా చూశాడు. ఎవరి చెయ్యి ఎప్పుడు కదిలితే అప్పుడు రాసుకున్నాడు. మధ్యలో వదిన ముఠాను కూడా ఆపి దిద్దాడు. వాళ్ళు గాలిగొట్టంతో పొడిని ఊదేస్తుంటే, పొడి పోవడం లేదు వదినా, పక్క లైనుకు కాపురం మారుస్తోంది అన్నాడు. ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడగా ఆవిడ అంతకుముందు వినలేదు. గొట్టం పక్కన పెట్టి వాక్యూమ్ తెచ్చుకుంది.

కొత్త కాగితం పని నడిచే వరసలోనే నడిచింది. మెకానిక్ కరెంటు ఆపి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. మూతలు విప్పుతాడు. ముఠా పైనుంచి కిందికి పొడిగా తీస్తుంది. ఇక్కడ మొదటి ఆగుడు: వదిన టార్చి వేసి చూసి సంతకం పెట్టాలి. తర్వాత తడి తుడుపు, ఆరబెట్టడం. రెండో ఆగుడు: ల్యాబు అమ్మాయి దూదిపుల్లతో బెల్టునూ మూలలనూ రుద్ది, పరీక్ష పట్టీలో ఎన్ని గీతలు వచ్చాయో అంకె వేయాలి. ఒకటైతే శుభ్రం, రెండైతే వేరుశనగ ఇంకా ఉన్నట్టు. మూతలు బిగించాక మూడో ఆగుడు: వేరుశనగ బిస్కెట్లకు చుట్టే పాత రేపర్లు ఒక్కటి కూడా లైను దగ్గర మిగల్లేదని చూసి, కొత్త రేపరు ముక్క ఒకటి కాగితానికి అంటించాలి. అంటించాల్సింది ఉంది కాబట్టి టీ తాగుతూ పూర్తిచేయడం కుదరదు. చివర్లో ల్యాబు సంతకం పడ్డాకే మామూలు బిస్కెట్ల పిండి.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. సన్నగా, నిశ్శబ్దంగా, ఎవరి టీ ముట్టుకోకుండా నిలబడింది. మెట్లు ఒక్కొక్కటే సాగాయి. ల్యాబు అమ్మాయి పట్టీని ద్రవంలో ముంచి చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి తలెత్తకుండానే గడిలో అంకె వేసింది. రెండు.

అవతల లారీ హారను మోగింది. మేనేజరు గొంతు తగ్గించి, పట్టీ పాతదేమో, ఇంకోసారి చూడమ్మా, ఈలోగా మూతలు బిగించేద్దాం అన్నాడు. మెకానిక్ బిగించడానికి మూత ఎత్తాడు. ల్యాబు అమ్మాయి కాగితం వైపు చూసింది, వదిన చూసింది, ఇన్‌స్పెక్టరమ్మ అందరినీ చూసింది.

గ్రంథం గారి చొక్కాకు ఉన్న గుండీలన్నీ అప్పుడు ఆయనకు కనబడ్డాయి. అయినా తలెత్తాడు.

"ఈ మెట్టు మీదండీ," అన్నాడు మేనేజరుతో. "ఆపించడం. మీ పేరే రాసుంది."

మేనేజరు ఆ గడిని చదివాడు. తను సంతోషంగా తలూపి ఒప్పుకున్న గడి. మొహం గంటు పెట్టుకుని, ఫ్యాక్టరీ అదిరేలా, "ఆపండి" అన్నాడు. మెకానిక్ మూత దించాడు.

కాగితం చెప్పినట్టే మళ్ళీ పొడి మెట్టు దగ్గరికి వెళ్ళారు. వెతగ్గా, బెల్టు కింద అంటుకున్న పిండిని గోకే స్టీలు పలక వెనకాల పొడి గట్టిగా అట్ట కట్టి ఉంది. దాన్ని తీసి తుడిచాక పట్టీ మీద ఒకే గీత వచ్చింది. లారీ ఆలస్యంగా వెళ్ళింది. ఇన్‌స్పెక్టరమ్మ సంతకం పెడుతూ, తప్పు జరగని లైనును ఎక్కడైనా చూపిస్తారనీ, తప్పు దొరికినప్పుడు కొనేవాళ్ళ ముందు కూడా ఆగే లైనును ఇప్పుడే చూస్తున్నాననీ అంది. ఆ మాటతో మేనేజరు ఛాతీ విచ్చుకుంది. ఆపింది తనే కదా. గ్రంథం గారు మూలగదిలోనే ఉంటారని వెళుతూ వెళుతూ ప్రకటించేశాడు.

గ్రంథం గారు మాత్రం ఇంకా లైను దగ్గరే ఉన్నాడు. ఆ పలక కాగితంలో లేదు. లావు ఫైల్లోనూ లేదు. అది ఎవరి పనని అడిగాడు. యంత్రం ముక్క కాబట్టి మెకానిక్‌దే అంది వదిన. మురికి కాబట్టి ముఠాదే అన్నాడు మెకానిక్. పదిమంది చేతిలో పాము చావదన్నట్టు ఇన్నాళ్ళూ ఆ పలక వాళ్ళిద్దరి మధ్యా హాయిగా బతికింది.

"ఏదో ఒకటి రాసుకో మరిదీ, ఇంటికి పోవాలి," అంది వదిన.

"రాయను వదినా. ఎవరో ఒకరు 'నేను' అనాలి."

కాగితాన్ని గోడకు ఆనించి, ఖాళీ గడి మీద పెన్ను మొన పెట్టి, ఆయన అలాగే నిలబడ్డాడు. మెకానిక్ వదిన వంక చూశాడు. వదిన మెకానిక్ వంక చూసింది. పెన్ను కదల్లేదు.

"ఇతను విప్పి ఇస్తాడు, నేను తుడుస్తాను," అంది చివరికి వదిన. "రెండు గడులు గీయి."

ఆయన గీశాడు.