ఎవరి కార్డు

మా వాడకట్టులో లింగవ్వతో మాట్లాడాలంటే ముందొక సంగతి తెలిసి ఉండాలి. రేషన్ కార్డును ఆమె రేషన్ కార్డనే అంటుంది, ఆధార్‌ను ఆధార్ అంటుంది. ఉత్తగా ‘కార్డు’ అన్నదంటే మాత్రం బీడీ కార్డే. ఫొటో అంటించి, ముద్ర కొట్టి, ఫలానా మనిషి బీడీ కార్మికురాలు అని సర్కారు రాసిచ్చిన కార్డు. ఆర్మూర్‌లో బీడీలు చేసే ఏ ఇంటికి పోయినా ఇదే భాష. కార్డుంటే పీఎఫ్, కార్డుంటే పింఛను, కార్డు లేనిదానికి దిక్కెవరు అంటారు.

లింగవ్వ పెనిమిటి లక్ష్మీరాజం పసుపు యార్డులో హమాలీ. నేను అదే యార్డులో ఒక అడ్తి దుకాణం గుమస్తాను. నన్ను తమ్మీ అంటుంది. మోర్తాడ్ నుంచి కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఆమె ఒడిలోంచి బీడీల చాట దిగింది లేదు. తునికాకు కత్తిరిస్తూనే మాట్లాడుతుంది, తంబాకు పోసి చుడుతూనే తిడుతుంది. చాట పక్కన పెట్టిందంటే ఎవరో పోయారన్నా అయి ఉండాలి, ఓట్లన్నా అయి ఉండాలి.

కూతురు రజిత డిగ్రీ చదువుతూ తల్లి పక్కన కూర్చొని బీడీలు చేసేది. పిల్ల పేరు మీద కూడా కార్డు వచ్చిన రోజు లింగవ్వ వాడంతా పేడాలు పంచింది. “నా బిడ్డకు సుత కార్డయింది తమ్మీ!” అని నా చేతిలో ఒకటి పెట్టింది. రజిత మాత్రం తలుపు చాటుకు పోయింది. డిగ్రీ అయ్యాక చేరిన కోచింగులో తోటి పిల్లలకు ఇంటి దగ్గర ఉత్తగనే ఉంటానని చెప్పుకునేదట. ఆ సంగతి తల్లికి తెలియదనుకుంది, పిచ్చిది.

మొన్న ఆదివారం ఆ పిల్లకు గ్రూప్ పరీక్ష. రెండేళ్ల చదువు ఆ ఒక్క పూట మీద ఉంది. సెంటరు ఊరి చివరి కాలేజీ. నేను ఇంట్లో చాయ్ తాగుతుంటే లింగవ్వ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

“తమ్మీ, బండి తీయి! పోరి ఫోన్ జేసింది. కార్డు లేదని గేటు కాడ ఆపిండ్రంట. కార్డు పట్కొని జల్ది రమ్మన్నది!”

ఆమె చేతిలో కాగితాల ప్లాస్టిక్ కవరు ఉంది. నేను ఏ కార్డని అడగలేదు, ఆమె చెప్పలేదు. బండి తీశాను.

మేం పోయేసరికి గేటు ముందు వరుసలో కొందరే మిగిలారు. టైముకు గేటు మూశారంటే దేవుడు దిగొచ్చినా తెరవరు. రజిత ఫోను పట్టుకొని గేటు దగ్గర సారును బతిమాలుతోంది.

“రైల్ల టీసీకి గిదే చూపెట్టిన సార్. బ్యాంకుల సుత చెల్లింది. డిజీలాకర్ అంటే సర్కారుదే కదా సార్?”

“సర్కారుదే అమ్మా, నేను కాదంటలేను,” అన్నాడు సారు. నిజం చెప్పాలంటే ఓపిక గల మనిషే. “కని ఫోనే లోపలికి రాదాయె, ఇగ ఫోన్‌ల ఆధార్ లోపల ఎవలకు చూపెడ్తవ్? జిరాక్స్ సుత నడ్వది. ఒరిజినల్ ఉండాలె. నీ హాల్ టికెట్ మీదనే రాసున్నది, చూస్కోలే?”

రజిత తల వంచుకుంది. చూసుకోలేదు మరి. ఫోను జేబులో ఉంటే లోకమే జేబులో ఉందనుకుంటారు ఇప్పటి పిల్లలు. వెనుక ఆమె కోచింగు స్నేహితురాలు దివ్యశ్రీ, ఇంకా నలుగురు నిలబడి చూస్తున్నారు.

అప్పుడే లింగవ్వ అందరినీ తోసుకుంటూ పోయి, కవరులోంచి కార్డు తీసి సారు ముఖం ముందు పెట్టింది.

“ఇగో సారూ, కార్డు! ఒర్జినలే. సర్కారు ముద్ర సుత ఉన్నది.”

సారు పట్టుకొని చూశాడు. “ఇది బీడీ కార్డు కదమ్మా,” అన్నాడు. పైకే అన్నాడు. వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. సారు ఫొటో చూశాడు, రజిత ముఖం చూశాడు. “నీదేనా?”

“నాది కాదు సార్,” అంది రజిత. “అమ్మది.”

ఆ మాట నా చెవిన పడగానే నాకే ఎక్కడికైనా పోయి దాక్కోవాలనిపించింది. ఫొటోలో రెండు జడలు, పూసల దండ, ఆ పిల్ల ముఖమే. గుడ్డివాడైనా చెప్తాడు. లింగవ్వ ఒక్క క్షణం బిడ్డ వైపు చూసింది. తరువాత గబుక్కున కార్డు లాక్కొని కొంగు కింద పెట్టుకుంది.

“ఔ సారూ, నాదే. సదువురాని దాన్ని, ఏది తియ్యాల్నో తెల్వలే. గిది పనికి రాదా మరి?”

సారు నేల వైపు చూస్తూ చెప్పాడు. “ఆధార్, ఓటరు కార్డు, పాన్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, సర్కారు నౌకరోళ్ల ఐడీ. గీట్లల్ల ఏదో ఒకటి, ఒరిజినల్. ఉన్నదా?”

ఉండకేం! బిడ్డ కాగితాలన్నీ ఆ కవరులోనే ఉన్నాయి. పోస్టులో వచ్చిన ఆధార్‌ను లామినేషన్ చేయించి అడుగున దాచింది లింగవ్వే. ముందు తీయవలసింది అదే. కానీ ఆమె లెక్కలో బిడ్డకున్న అన్నిటిలో పెద్ద కాగితం బీడీ కార్డాయె! సారు ఆధార్‌లోని పేరు, ఫొటో, హాల్ టికెట్‌తో పోల్చి రజితను లోపలికి పంపాడు. ఫోను తల్లి చేతిలో పెట్టి పోయింది. తల్లి ముఖం చూడలేదు. ఆ వెనుకే గేటు పడింది.

నాకు ఒళ్లు మండింది. “బయటికి రానీ దాన్ని, నాలుగు తగిలిస్త!” అన్నాను.

“ఊకో తమ్మీ,” అంది లింగవ్వ. “తప్పు నాదే. పదిమందిల గది తీసి పోరి ఇజ్జత్ తీసిన.”

ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు. పరీక్ష అయిపోయే వేళకు రోడ్డు అవతలికి పోయి ఒక లారీ వెనుక నిలబడింది. ఎండ కదా ఇటు రా అంటే, “నన్ను పోరి దోస్తులు సూస్తరు,” అంది. నేనే పోయి ఆమె పక్కన నిలబడ్డాను.

గేటు తెరిచాక రజిత మమ్మల్ని వెతుక్కుంటూ లారీ దాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. పేపరు ఎట్లా ఉందని నేను అడగబోయాను. లింగవ్వ అడిగింది వేరే.

“వేలు పడ్డదా బిడ్డా?”

రేషన్ దుకాణం మిషన్ మీద లింగవ్వ వేలు ఎన్నడూ పడదు. ఆకు, తంబాకు కలిసి గీతలన్నీ తినేశాయి. పరీక్షలో కూడా వేలిముద్ర తీసుకుంటారని ఎక్కడో విన్నదట, పొద్దున్నుంచి అదే ఫికరట.

“పడలే అమ్మా. మస్తు సార్లు పెట్టిండ్రు. ఏం పని చేస్తవని అడిగిండ్రు.” రజిత తన వేళ్లు చూసుకుంది. “బీడీలు చేస్త అని చెప్పిన. అందరు విన్నరు. గేటు కాడ చెప్పలేకపోయిన అమ్మా…” అంటూ తల్లి కొంగు కింది నుంచి ఆ కార్డు తీసుకుంది.

లింగవ్వ హడలిపోయింది. బిడ్డ రెండు చేతులూ పట్టుకుంది.

“అయ్యో, గట్లెందుకు చెప్పినవే! మరి రాయనిచ్చిండ్రా?”