సుంకన్న కళ్ళద్దాలు

జ్ఞానరాజు ఒకచోట నిలిచే మనిషి కాదు. కడపలో కంబన్న ఫోటో స్టూడియో పక్కనే పఠనమందిరం ఉండేది. పేపరు కోసం పోయిన మాకు, ఆ స్టూడియోలో ఫోటోలు దిద్దే జ్ఞానరాజు రోజూ కనబడేవాడు. వీధిలోకి వచ్చి మబ్బు పట్టిందేమో చూస్తాడు, లోపలికి పోతాడు, మళ్ళీ వస్తాడు. ఆయన పనంతా వెలుతురుతోనే. ఏటవాలు బల్లకు గాజు నెగటివు బిగించి, కిటికీ వెలుగు కింది అద్దం మీద పడి గాజులోంచి పైకి వచ్చేటట్టు పెట్టుకుని, సూది మొనలా చెక్కిన పెన్సిలుతో ముఖాలు దిద్దేవాడు. మొటిమలు, అమ్మవారు పోసిన గుంటలు, ముడతలు అక్కడ మాయమయ్యేవి.

“మచ్చ కనబడితే ఒళ్ళు గీరుకుంటావు కదప్పా,” అని కంబన్న ఎగతాళి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఒక ఎండాకాలం, నాపరాళ్ళ గనుల వైపునుంచి సిద్దమ్మ అనే ముసలామె కోడలు భీమమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. కొడుకు సుంకన్న గనిలో రాయి జారి మీద పడి చచ్చిపోయినాడు. ఉన్నది ఒకే ఒక్క చిన్న ఫోటో, మహానంది తిరునాళ్ళలో తీయించుకున్నది. అక్కడి ఫోటోవాడు వచ్చినవాళ్ళకు చేతికి వాచీ, కంటికి అద్దాలు అరువిచ్చి తీసేవాడు. ఆ అద్దాల మీద ఆకాశం తెల్లగా మెరిసి, సుంకన్న కళ్ళే కనబడలేదు.

“ఇవి తీసేసి పెద్ద బొమ్మ చెయ్యి నాయనా. వాని కండ్లు సూడల్ల నేను,” అంది సిద్దమ్మ.

“ఉండనీ అత్తా. అవి పెట్టుకోని ఎంత మురిసిపాయ! దొర మాదిరుండానా అనె.”

“దొరను నేను కనల్యా.”

జ్ఞానరాజు ఫోటోను వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు. “కండ్లు ఎట్లుండెనమ్మా?”

“నా కండ్లే.”

ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి చాలాసేపు చూశాడు. వయసుకు వాలిన ఆ రెప్పలను మనసులోనే పైకెత్తి చూసుకోవాలి.

చిన్న ఫోటోను మళ్ళీ ఫోటో తీసి పెద్ద గాజు నెగటివు చేశారు. నెగటివులో నలుపు తెలుపులు తారుమారు కాబట్టి, ఫోటోలో నల్లగా ఉన్న కళ్ళద్దాల ఫ్రేము గాజు మీద ఖాళీ గీత. దాన్ని చెంపతో సమానమయ్యేదాకా పెన్సిలుతో నింపాడు. చెంప మీద పడిన ఫ్రేము నీడనూ అట్లాగే కప్పాడు. అద్దాల మీది తెల్లటి మెరుపు గాజు మీద నల్లటి మందం. దాన్ని సన్నటి కత్తితో గీకి పలచన చేశాడు. ఎడమ కనుబొమ కొసన ఏటవాలు మరక ఒకటి మిగిలింది. అదీ చెవి మీదికి పోయే అద్దాల కాడ నీడే అనుకుని కప్పేశాడు. ఆ గాజునుంచి కాగితం మీద పెద్ద బొమ్మ తీశాక, కుంచెతో దాని మీదే రెప్పలు, నల్లగుడ్లు, వెలుగు వచ్చిన వైపు చిన్న మెరుపు పెట్టాడు. కుదిరిన కంటిని చూసి రెండోదీ అచ్చు అట్లాగే దిద్దాడు.

అయినా స్థిమితం లేదు. బొమ్మను గోడకు ఆనించి అటూ ఇటూ తిరిగాడు. “ఈయప్ప నన్ను సూడ్డంల్యా,” అన్నాడు.

“సూడకపోతే మేలు. సూస్తే ఆ సూపునూ దిద్దుతావు,” అన్నాడు కంబన్న.

సిద్దమ్మ వచ్చి చూసింది. బొమ్మను రెండు చేతులతో వెనక్కి ఇచ్చింది.

“శానా బాగుండాడు. ఎవరప్పా?”

కంబన్న నోరు తెరిచే లోపల భీమమ్మ దగ్గరికి వచ్చి కనుబొమ కొస మీద వేలు పెట్టింది. “ఈడ కోడె కొమ్ము దిగబడిండె. మచ్చ యాడ పాయ?”

“నాకు చెప్పలేదేమమ్మా!” అన్నాడు జ్ఞానరాజు.

“నువ్వు కండ్లు అడిగితివి. మచ్చ అడగల్యా,” అంది సిద్దమ్మ.

జ్ఞానరాజు భూతద్దం తీసుకుని చిన్న ఫోటో మీదికి వంగాడు. ముక్కు నీడ కిందికి పడింది. చెంప మీద ఫ్రేము నీడా కిందికే. ఈ మరక ఒక్కటే అద్దాల కాడకు పైన ఉంది. వెలుతురు పైనుంచి పడేటప్పుడు నీడ పైకి ఎట్లా పోతుంది?

“ఆ దెబ్బకు కంటి రెప్ప రవంత వాలిండెనా?”

“నిలబడే నిద్రపోతాండాడని నవ్వుతాండ్రి అందరూ,” అంది భీమమ్మ. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

దూదికి టర్పెంటైను అద్ది గాజు మీద ఆ చోటును తుడిచాడు. పెన్సిలు కరిగిపోయింది, కింద మచ్చ చెక్కుచెదరకుండా ఉంది. ఈసారి అద్దాల కాడను మాత్రమే కప్పి, ఇంకో బొమ్మ తీసి, ఎడమ రెప్ప కొసను కిందికి దించాడు.

మళ్ళీ వచ్చినప్పుడు సిద్దమ్మ బొమ్మను వెనక్కి ఇవ్వలేదు. కొంగు చుట్టి పొట్టకు ఆనించుకుంది. భీమమ్మ అద్దాలున్న చిన్న ఫోటోను అడిగి రవికలో పెట్టుకుంది.

“అమ్మా, ఆ రెప్ప కాడ ఇంకొక్క రవ్వ...” అంటూ జ్ఞానరాజు చెయ్యి చాపాడు.

“చాలు నాయనా. ఇంక ముట్టుకోవద్దు.”

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. వేళ్ళు మాత్రం చేతిలో లేని కుంచెను తిప్పుతూనే ఉన్నాయి.