మాకు అర్థం కాలేదని చెప్పడం

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను జగిత్యాలలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసేదాన్ని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి బొంబాయికి మా బస్సులు నడిచేవి. మా వెబ్‌సైటులో ఓ మూలన, టికెట్ నంబరు కొడితే తెరుచుకునే చిన్న చాట్ కిటికీ ఉండేది. ప్రయాణికులు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే, అందులో తనకు తెలిసిన పదం ఏదైనా ఉందేమోనని ప్రోగ్రాం వెతికి జవాబిచ్చేది. ఏదీ దొరక్కపోతే, "మీరు తప్పుగా రాశారు. సరిగ్గా రాయండి" అనేది. మూడుసార్లు అలా అయితే కిటికీ మూసుకునేది. ఆ జవాబు రాసింది నేనే. ఏదో బ్యాంకు ఫారం మీది హెచ్చరిక చూసి రాశాను. చాలా దర్జాగా ఉందని కూడా అనుకున్నాను.

ప్రోగ్రాంకు అందని మాటల జాబితాను రోజూ మధ్యాహ్నం చూడడం నా పని. మర్నాడు బంద్ అనగా అందులో సిరిసిల్ల ప్రయాణికుడొకాయన కనిపించాడు.

"రేపు బందున్నదట. మా బండి యాడికొస్తది?"

ప్రోగ్రాంకు బస్సు తెలుసు, బండి తెలియదు. తప్పుగా రాశారంది. ఆయన మళ్ళీ రాశాడు.

"నమస్తే సార్. రేపు బందున్నదట. మా బండి యాడికొస్తది సార్?"

మళ్ళీ అదే జవాబు.

"నమస్తే సార్, తప్పయింది, కోపం చెయ్యకుండ్రి. ఎల్లుండి బొంబాయి కెల్లి దుబాయి పోవుడున్నది, ఈసారి పోకుంటే వీసా పోతది. దయచేసి చెప్పుండ్రి సార్."

కిటికీ మూసుకుంది.

నాకు ఒళ్ళు మండింది, అదీ నా మీదే. సరిగ్గా రాయమంటే ఆయన మర్యాద తక్కువైందనుకున్నాడు. మండలాఫీసులో గుమాస్తా విసుక్కుంటే చేసినట్టే, దండం మీద దండం పెట్టుకుంటూ పోయాడు. మన మాటను వెక్కిరిస్తే ఊరుకునేది లేదని మేం రోడ్డెక్కి అరుస్తున్న రోజులవి. మా సొంత కిటికీ మా మనిషినే గదమాయించి పంపింది.

బంద్ వల్ల బస్సు సిరిసిల్లకు పోదు. సాయంత్రం ఏడింటికి కోరుట్లలోనే బయలుదేరుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. టికెట్ మీద ఉన్నది ఆయనకు టికెట్ తీసిచ్చిన నెట్ సెంటర్ నంబరు. ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. ఆయన మళ్ళీ రాస్తే ఈసారి పోనివ్వకూడదు, అంతే.

ప్రోగ్రాం రాసిన మా సారు మాత్రం, "బండి అనే పదం చేర్చు, అయిపోతది" అన్నాడు.

"ఎన్ని చేర్చినా రేపు ఇంకోటొస్తది సార్. అర్థంకానప్పుడు ఏమంటున్నమో గది మార్చాలె."

"పొడుగు రాయకు. కిటికీల మూడు లైన్లే పడ్తయి."

ఆ సాయంత్రం కోరుట్లలో ఇంటికెళ్ళి కాగితం ముందేసుకున్నాను. బీడీలు చుడుతున్న అమ్మకు చదివి వినిపించాను: "మీ తప్పు కాదు. మీరు రాసింది అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ రాయండి."

అమ్మ చేతులాపలేదు. "నా తప్పు కాదని నువ్వెందుకు చెప్తున్నవే? గట్లంటే ఏదో తప్పు జరిగిందనే గదా. మల్ల రాయమంటే మల్ల గదే రాస్త. ఏం రాయాల్నో చెప్పరాదు?"

తప్పు అనే మాటను మొత్తంగా కొట్టేశాను. చివరికి ఇది మిగిలింది: "మీ మాట మాకు అర్థం కాలేదు. బస్సు ఎక్కే ఊరి పేరు రాయండి. మనిషితో మాట్లాడాలంటే 1 కొట్టండి."

మర్నాడు బంద్. షట్టర్ దించి ఉంది. పక్క మెట్ల మీదుగా ఆఫీసులోకి వెళ్ళి, సారు ఎదురుగా కూర్చుని, ఆ జవాబు పెట్టించేదాకా లేవలేదు. 1 కొడితే నా కంప్యూటర్ మోగేట్టు, మూడోసారికి కిటికీ మూసుకోకుండా తనంతట తనే నాకు కలిపేట్టు కూడా చేయించాను. సారు గొణుక్కుంటూనే చేశాడు.

పదకొండింటికి ఆయన మళ్ళీ కిటికీలోకి వచ్చాడు. "నమస్తే సార్. నిన్న తప్పు రాసిన, మాఫ్ చెయ్యుండ్రి." ప్రోగ్రాంకు ఇదీ అర్థం కాలేదు. కొత్త జవాబు వెళ్ళింది. నేను కుర్చీ అంచుకొచ్చేశాను.

తర్వాత 1 వచ్చింది.

బస్సు కోరుట్లలో ఏడింటికని, టూవీలర్లను ఆపడం లేదని, ఎవరి బండి మీదైనా ఆరింటికల్లా చేరుకోమని గబగబా రాశాను. నా పేరు, సెల్ నంబరు కూడా ఇచ్చాను. తన బావమరిది బండి మీద వస్తానన్నాడు. ఇంకో మాట కూడా రాశాడు.

"మేడం, నిన్నటి సారుకు కోపం పోయిందా?"

ఆయన రాత్రంతా లేని సారు కోపాన్ని మోశాడు. అది ప్రోగ్రాం అని చెప్పి తప్పించుకోవచ్చు. మనసొప్పలేదు.

"ఆ సారు నేనే, అన్నా. నాకే మీ మాట అర్థం చేసుకునుడు రాలే," అని రాశాను.

ఏడు దాటాక డ్రైవరు ఫోన్ చేసి, సిరిసిల్లాయన ఎక్కిండని చెప్పాడు.