తిన్నారా అని అడిగి ఆగిపోయేది

మా ఇంట్లో కింద కిరాణా కొట్టు, మేడ మీద నా ఆఫీసు. విజయనగరంలో కూర్చుని, హైదరాబాదు కంపెనీ తరఫున అమెరికా మందుల షాపుల యాప్ పని చూస్తాను. చూడటమంటే ఏం లేదు, తలా ఒక ఊళ్ళో ఉన్నవాళ్ళు గ్రూపులో తోచినట్టు పడేసిన మాటల్ని మనిషి చదివి అర్థం చేసుకునేలా తిరగరాయడం. "రేపటికి అయిపోద్ది లెండి" అంటాడొకడు. ఎవరి రేపు? మనకి రేపు వచ్చేసరికి వాళ్ళకింకా ఇవాళ మధ్యాహ్నమే. వాడికి ఫోన్ చేసి, ఏ రోజు, ఎన్నింటికి అని పీకి, రెండు దేశాల టైములూ వేసి అప్పుడు రాస్తాను. వాళ్ళ నోట రాని గడువు మాత్రం నేను రాయను. దీన్ని మా ఆయన పెంకితనం అంటాడు. అననీ.

మా టీములో భావనపాడు అమ్మాయి ఒకతె ఉండేది. యాప్ సరిగ్గా పనిచేస్తోందో లేదో ఇంటి నుంచే పరీక్షించి చెప్పడం ఆమె పని. తండ్రి సముద్రం మీద చేపల వేటకెళ్తాడు, తల్లి ఈ పిల్లకి పని దొరికేదాకా తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. పిల్ల ఇంకా ట్రయల్ మీదే ఉంది. ఒకరోజు మా మేనేజర్ ఫోన్ చేసి, "ఆ అమ్మాయి చాలా స్లో అంటున్నారు అమెరికావాళ్ళు. శుక్రవారం మీటింగులో ఉంచాలో తీసేయాలో తేలుస్తాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. తప్పులు పట్టడంలో ఆ పిల్లని మించినవాళ్ళు మాలో లేరు. పాత మెసేజులు తిరగేశాను. యాప్ మీద మా సందేహాలు తీర్చే అమెరికా పెద్దాయనకి పొద్దున్నే ఇంగ్లీషులో పెట్టింది: "నమస్తే సర్. తిన్నారా?" అంతే. ఆయన నిద్రలో ఉంటాడు. లేచి, "తిన్నాను, ఏమిటి విషయం?" అని రాసేసరికి ఈమె డ్యూటీ అయిపోతుంది. మర్నాడు అసలు ప్రశ్న, ఆ సాయంత్రానికి జవాబు. ఒక్క సందేహానికి రెండ్రోజులు పోయాయి.

ఫోన్ చేశాను. "ఒసే, అతగాడు తిన్నాడో లేదో నీకెందుకే? ఇసయం సెప్పీయొచ్చు కదా?"

"మనిసిని పలకరించకుండా పని సెప్తే ఏటి బాగుంటాది అక్కా? ఆయన పలికితే కదా నేను అడగడం."

తిట్టబోయి ఆగాను. కింద కొట్లో మా మావయ్యగారు ఎవరొచ్చినా ముందు కూర్చోమంటారు, మంచినీళ్ళిస్తారు, ఆ తర్వాతే ఏం కావాలని అడుగుతారు. ఆ పిల్ల చేసిందీ అదే.

ఆ రోజు ఆమె ప్రశ్నని నేనే తిరగరాసి పెట్టాను. మేనేజర్ వెంటనే పట్టేశాడు. "అది మీ రాత మేడమ్. ఆమె రాయగలదో లేదో మాకెలా తెలుస్తుంది?" మాట కటువుగా ఉన్నా నిజమే. మళ్ళీ పిల్లకే ఫోన్ చేశాను. "అడగాల్సిందంతా ఒక్కసారే రాసీ. జవాబు ఎప్పటికి కావాలో రెండు టైముల్లోనూ పెట్టు. రాకపోతే నువ్వేటి చేస్తావో కూడా సెప్పు. ఆయన లేచేసరికి అన్నీ ఎదురుగా ఉండాల."

"ఈ ఉద్యోగం పోతే మాయమ్మ మళ్ళీ తట్టెత్తుకుని సంతకెల్తాది అక్కా. మోకాళ్ళు పోయున్నాయి" అంది. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. "ముందు రాయవే" అని పెట్టేశాను.

బుధవారం పొద్దున గ్రూపులో ఆమె మెసేజ్ కనబడింది. "మందు అయిపోతోందని గుర్తుచేసే సందేశం మూడు రోజుల ముందు రావాలని పాత పత్రంలో ఉంది. యాప్‌లో వారం ముందే వస్తోంది. ఏది సరైనది? బుధవారం మీ ఉదయం పదిలోగా, అంటే మా సాయంత్రం ఏడున్నరలోగా చెప్పండి. జవాబు రాకపోతే ఇది పక్కనపెట్టి, గురువారం పొద్దున్నుంచి బిల్లుల పేజీ పరీక్షిస్తాను." కింద ఇంకో లైను: "తిన్నారా సర్? దీనికి జవాబు అక్కర్లేదు."

ఆ చివరి లైను తీసేయమని చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చెప్పబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం గడువుకి ముందే ఆయన రాశాడు: "వారం ముందే సరైనది. పాత పత్రం మారుస్తాం. తిన్నాను. నువ్వు?"

శుక్రవారం మీటింగులో ఆ పిల్లని ఉంచమని ముందు అడిగింది ఆయనే.

ఉద్యోగంలో ఉంచుతున్నారని తెలియగానే పిల్ల ఫోన్ చేసింది. "అక్కా, మాయమ్మ తట్ట పక్కింటోళ్ళకి ఇచ్చీసింది" అని ఏడుపు మొదలెట్టింది.

"తిన్నావేటే?" అని అడిగాను. జవాబు వచ్చేదాకా ఆగాను.