కోరస్ అక్క గొంతు, టేపు పరుగు

స్టూడియోలో అందరూ ఆమెను కోరస్ అక్క అంటారు. ముప్పై ఏళ్లుగా ఎవరో ఒకరి వెనక నిలబడి పాడిన మనిషి. ఒంటరిగా పాడింది ఒకే ఒక్క పాట, అదీ సబ్బు ప్రకటనకి. ఆ కంపెనీవాళ్లే ఇప్పుడు అదే పాట, అదే గొంతుతో కొత్తగా కావాలన్నారు. కబురు విని ఆమెకు సంతోషం కన్నా ముందు భయమేసింది. నిరుడు థైరాయిడ్ ఆపరేషన్ చేసిన డాక్టరు పైస్థాయి తగ్గినా తగ్గవచ్చని చెప్పాడు. అప్పటినుంచి ఆమె ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు. తీస్తే నిజం బయటపడుతుందని బెంగ.

కీబోర్డు మాస్టారు పాత టేపునుంచి ఎక్కించిన ఫైలును సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాడు. అది నిమిషానికి నూట నలభై ఎనిమిది దెబ్బలంది. తబలా మధ్యమధ్య చిన్న దెబ్బల్ని కూడా తాళంలో కలిపేసుకుందని నవ్వి, మాస్టారు దాన్ని సగం చేసి డెబ్బై నాలుగు పెట్టాడు. శ్రుతి రెండు అంది. దాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఆ లెక్కలతోనే ట్రాక్ తయారైంది.

అక్క పాడింది. చరణం చివర పైస్వరం దగ్గర గొంతు చీలింది. మళ్లీ పాడినా అంతే. మాస్టారు ముఖం చూపించలేక కీబోర్డు సర్దుతూ కూర్చున్నాడు. జాలిపడే మనుషుల మధ్య ఉండటం కన్నా నరకం లేదు. ఆమె సంచీ భుజాన వేసుకుంది.

రికార్డింగ్ ఇంజనీరు మాత్రం తన గోలలో తనున్నాడు. పాత ఫైలు మొదట్లో వినిపించే కరెంటు హోరును తీసేయాలని చూస్తున్నాడు. ఆ హోరు ఎప్పుడూ యాభై హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. అక్కడ ఎంత కోసినా పోవడం లేదు. తెర మీద చూస్తే యాభై మూడు దగ్గర నిక్షేపంగా కూర్చుని ఉంది.

"అక్కా, ఆగండి. కరెంటు పరిగెత్తదు కదా. టేపే పరిగెత్తింది."

టేపును ఎక్కించినప్పుడు మిషన్ కాస్త వేగంగా తిరిగిందట. పాట వేగమూ, శ్రుతీ కలిసే పెరిగాయి. శ్రుతి సరిగ్గా కీబోర్డు మీది పై మెట్టు మీదే వాలింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. సాఫ్ట్‌వేర్ విన్నది విన్నట్టే చెప్పింది. ఆ పాట అసలు ఎలా పాడారో దానికేం తెలుసు?

ఫైలును నెమ్మది చేస్తే శ్రుతి ఒకటిన్నరకి దిగింది, వేగం డెబ్బైకి. మాస్టారు ట్రాక్‌ను అలాగే మార్చాడు. అక్క సంచీ దించకుండానే మైకు ముందు నిలబడింది. చరణం చివర పైస్వరం ఏ అడ్డూ లేకుండా పలికింది. ఆమె గుండెల మీద బరువు దిగిపోయింది, కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మాస్టారు చాలన్నాడు, టేకు బ్రహ్మాండంగా వచ్చిందన్నాడు. ఆమె కదల్లేదు.

"తెలుసు బాబూ. ఇంకోసారి పెట్టు, ఊరికే పాడుకుంటాను."