చామగడ్డకు మెరుగులు దిద్దిన రాందాస్

సూర్యాపేటలో బట్టల బజారు వెనక సందులో రాందాస్ ఫోటో దుకాణం ఉండేది. మనిషిని చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, నల్లగుడ్డ కిందికి తల దూర్చి, "జర నవ్వున్రి" అనేవాడు. తనే ముందు నవ్వేవాడు. అతని పై వరసలో ఒక పన్ను కాస్త ముందుకు ఉండేది. ఆ పన్ను కనబడగానే ఎదుటివాళ్ల బిగుసుకున్న ముఖాలు వాటంతటవే వదులయ్యేవి.

అయినా అతని పేరు నిలబడింది నవ్వించడంలో కాదు, ముడుతలు తీసేయడంలో. ఫోటో పడిన గాజు పలక మీద జిగురు నూనె పూసి, సన్నగా చెక్కిన పెన్సిలుతో చుక్కచుక్కగా దిద్దేవాడు. అరవై ఏళ్ల పటేలు నలభైకి దిగేవాడు. మశూచి మచ్చల పెళ్లికొడుకు నున్నగా తేలేవాడు. "రాందాస్ చేతిల పడితే చింతతొక్క కూడా వెన్నముద్దయితది" అని బజారులో నవ్వుకునేవాళ్లు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు మాత్రం ఎవరికీ ఫోటోల ధ్యాస లేదు. కుర్చీ ఖాళీగా ఉండేది. కోదాడలో బియ్యం మిల్లు నడిపే, పిల్లనిచ్చిన మామ, బస్తాలు తూచే కాటా దగ్గర కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలని కబురు మీద కబురు పంపాడు. చివరికి ఆ కార్తీకంలో అత్త రంగనాయకమ్మే బయల్దేరి వచ్చింది.

"ఏం నాయనా, ఆ నల్లగుడ్డ కింద ఎన్నాళ్లు దాక్కుంటావ్? మిల్లుకొస్తే నాలుగు గింజలన్నా కనబడతాయి గదా."

"గుడ్డ కింద లోకం తలకిందులుగ కనబడతది అత్తమ్మా. కాటా ముంగట కూసుంటే గా మజా ఏడుంటది?"

"నీ సంసారం ఎట్లాగూ తలకిందులుగానే ఉంది. అది చూసుకో చాలు."

సరిగ్గా అప్పుడే వ్యవసాయ శాఖ కామ్‌దారు గోపాల్ గంపతో దిగాడు. ఊరూరా తిరిగి రైతులకు కొత్త పంటలు చెప్పడం అతని పని. తిండిగింజలకు కరువుగా ఉన్నందున శాఖవాళ్లు మిర్యాలగూడలో దుంపపంటల ప్రదర్శన పెడుతున్నారు. ఒక తాడుకు ఆకుల ఫోటోలు, ఇంకో తాడుకు దుంపల ఫోటోలు కట్టి, ఏ ఆకు కింద ఏ దుంప ఊరుతుందో రైతులచేతనే జత కలిపించాలి.

"మంచిగొస్తే శాఖ ఫోటోలన్నీ నీకే, రాందాసన్నా," అన్నాడు గోపాల్. "కరాబైతే ఇగ పట్నం నుంచి ఫోటోగ్రాఫరును తెప్పిస్తరట."

రాందాస్ అత్త వైపు చూశాడు. "గీ పని కుదిరిందా, దుకాణం ఉంటది. కుదరలేదా, మామ కాటా దగ్గరికి నేనే వస్త."

"మాట మీద ఉండు మరి," అంది ఆమె.

గంపలో పెండలం, చామగడ్డ, కర్రపెండలం, మోరంగడ్డ అనే చిలగడదుంప, తీగె ముక్కలతో సహా నాలుగింటి ఆకులు ఉన్నాయి. రాందాస్ దుంపలను తోమి కడిగి ఒక్కొక్కదాన్నీ పలక నిండా వచ్చేట్టు తీశాడు. ఆకులు నిగనిగలాడాలని నీళ్లు చిలకరించి తీశాడు. పని అయ్యాక రంగనాయకమ్మ దుంపలన్నీ వంటింట్లోకి పట్టుకుపోయింది. చామగడ్డ పులుసైంది, పెండలం కూరైంది. కర్రపెండలం పై తొక్కా లోపలి తెల్ల తొక్కా ఒలిచి, ముక్కలను బాగా ఉడికించి నీళ్లు వార్చేసింది. మోరంగడ్డ ఆమె ఒక్కతే తినేసింది. వాడిన ఆకులు చెత్తలో కలిశాయి.

ప్రదర్శనకు ముందురోజు ఉదయం గోపాల్ వచ్చి ఆరబెట్టిన ఫోటోల ముందు నిలబడ్డాడు. చెట్టుబెరడు లాంటి చర్మంతో, పంజాలా అడ్డదిడ్డంగా ఉన్నది పెండలం. పొడుగ్గా మొదలు లావుగా, కొస సన్నగా, తొక్క లేచినచోట తెల్లగా ఉన్నది కర్రపెండలం. అక్కడిదాకా బాగానే ఉంది.

"మరి గీ రెండూ మోరంగడ్డలే గదనే! చామగడ్డ ఏదే?"

రాందాస్ దగ్గరికి వచ్చి చూశాడు. రెండూ కోలగా, నున్నగా ఉన్నాయి. పలక నిండా తీయడంతో ఏది చిన్నదో ఏది పెద్దదో కూడా తెలియడం లేదు.

"చామగడ్డకు వరసగ కడియాల లెక్క గీతలుంటయి, మీద బొచ్చుంటది," అన్నాడు గోపాల్. "గవేడ పోయినయ్?"

రాందాస్ నాలుక కరుచుకున్నాడు. "ముడుతలనుకొని తీసేసిన."

రంగనాయకమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. "చామగడ్డకు పెళ్లిచూపులేమన్నా కుదిరాయా అల్లుడూ?"

"నవ్వకు అత్తమ్మా, అసలు గడ్డలు నీ కడుపులనే ఉన్నయి."

గోపాల్‌కు నవ్వు రాలేదు. "రేపు మా శాఖ పెద్దసారు వస్తడు. ఆకులైనా ఆనవాలు పడతవా, గవి గూడ దిద్దినవా?"

"ఆకులు ముట్టలే." రాందాస్ ఫోటోలను వెలుతురులోకి తెచ్చాడు. చేతివేళ్లలా చీలినది కర్రపెండలం, సందేహం లేదు. మిగిలిన మూడూ హృదయం ఆకారమే. అతను ఒకదాన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. దాని మీద నీళ్లు ముత్యాల్లా గుండ్రంగా నిలిచి ఉన్నాయి. మిగతావాటి మీద పలచగా పరుచుకున్నాయి.

"గిది చామాకు. నీళ్లు సల్లినకొద్దీ జారిపోయి నన్ను మస్తు సతాయించింది. యాదికున్నది."

"అవ్, చామాకుకు నీళ్లంటవు," అన్నాడు గోపాల్. "ఇంకోటి సూడు. ఈనెలు ఆకు మొదట్ల చీలికకాడ గాదు, జర లోపలినుంచి విచ్చుకున్నయి. కాడ గాడనే అతుక్కుంటది." మిగిలిన రెండింటి తేడాలు కూడా వేలు పెట్టి చూపించాడు.

దిద్దని ఫోటోనే ఆనవాలు పట్టించిందంటే, దిద్దింది తుడిచేస్తే చాలని తోచి రాందాస్‌కు ప్రాణం లేచి వచ్చింది. రంగుల దుకాణానికి పరుగెత్తి, రంగులు కరిగించే కర్పూరతైలం తెచ్చాడు. గాజు పలకల మీద తను ఇన్నేళ్లూ గొప్పగా చెప్పుకున్న పనితనాన్ని దూదితో తుడిచాడు. పెన్సిలు గీతలు, జిగురు నూనె కరిగిపోయాయి. పలక కింద కాగితం పెట్టి, కిటికీ తలుపు ఓరగా తెరిచి, మళ్లీ అచ్చు తీశాడు. మందునీళ్ల తొట్టిలో ఫోటో మెల్లగా తేలింది. ముందు కడియాలు, తరువాత బొచ్చు.

"ముసలి ముఖమే ముద్దొస్తున్నది గదనే!" అన్నాడు.

మర్నాడు మిర్యాలగూడకు రంగనాయకమ్మ కూడా వెంట వచ్చింది. "తిన్నదాన్ని నేను, చూడొద్దూ? అక్కణ్ణించే కోదాడ బస్సెక్కుతా."

పందిట్లో జనం మూగారు. తండా నుంచి వచ్చిన ద్వాళి అనే ముసలామె చామగడ్డ ఫోటోను వేలితో పొడిచి, "గీ ముడుతలు, గీ బొచ్చు... మా ఆయన మోకాలు గిట్లనే ఉంటది," అంది. పందిరంతా ఘొల్లుమంది. ఆమె నీటి ముత్యాలున్న ఆకును తెచ్చి దాని పక్కన పెట్టింది.

ఆమె మగడు తావుర్యా పెండలం పక్కన మోరంగడ్డ ఆకు పెట్టాడు.

"తాతా, జర ఆగు," అన్నాడు రాందాస్. "తీగె సూడు. పెండలానికి కణుపుకాడ ఆకులు ఎదురెదురుగ జంటగ ఉన్నయి. మోరంగడ్డకు ఒకటి ఈడ, ఒకటి గాడ. పెండలం ఈనెలు కాడ దగ్గర మొదలై, వంపు తిరిగి కొసదాక పోతయి. మోరంగడ్డవి నడిమి ఈనె నుంచి కొమ్మల్లెక్క పక్కలకు చీలుతయి."

తావుర్యా రెండింటినీ మార్చి పెట్టి, "నువ్వు సేద్యం చేస్తవా పటేలా?" అని అడిగాడు.

"నేనా? మొన్నటిదాక చామగడ్డకు గడ్డం గీకిన."

పెద్దసారు వరసలన్నీ చూసి, గోపాల్ చెవిలో రెండు ముక్కలు చెప్పి ముందుకు నడిచాడు. గోపాల్ దగ్గరికి వచ్చాడు.

"ఆముదం చేన్ల పురుగుల ఫోటోలు కావాలట. ఇంకో మాట గూడ అన్నడు. పురుగులకున్న నూగు ఉన్నట్టే ఉండాల్నట."

"ఉంటది, ఉంటది! ఒక్క వెంట్రుక ముట్టను." రాందాస్ అంత గట్టిగా నవ్వేసరికి ఆ ముందుపన్ను పందిట్లో అందరికీ కనబడింది.

రంగనాయకమ్మ మూట చంకన పెట్టుకుని లేచింది. "పద, బస్సు చూపించు. కాటాకు ఇంకెవణ్ణన్నా వెతుక్కోమని మీ మామకు చెబుతాలే."

"కోపమొచ్చిందా అత్తమ్మా?"

"కోపమెందుకు నాయనా! నీ చేతికి కాటా అప్పగిస్తే, బస్తాలు సన్నగా కనబడితే బాగుంటాయని బియ్యం తీసేసేవాడివి."